కాఫీ గింజల సంచి మీద తేదీలు చదవడం ఎలా? వేయించిన రోజు నుంచి డికాషన్ దాకా సమగ్ర మార్గదర్శి

కాఫీ గింజల విషయంలో నాకు తరచుగా రెండు ప్రశ్నలు వస్తుంటాయి. గడువు తేదీకి ఇంకా ఎనిమిది నెలలున్నా డికాషన్ చప్పగా ఎందుకు దిగుతోందన్నది మొదటిది. ఈ ఉదయమే వేయించిన గింజలు తెచ్చి మర పట్టినా కాఫీ పుల్లగా, పలచగా ఎందుకు వచ్చిందన్నది రెండోది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. గింజ వేయించి ఎన్ని రోజులైందో లెక్క చూసుకోకుండా కాఫీ పెట్టడం వల్లనే రెండు చోట్లా తేడా వచ్చింది.

గింజలు కొని ఇంట్లోనే పొడి చేసుకుని, స్టీలు లేదా ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దించుకునేవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఇతర పద్ధతుల్లో కాఫీ పెట్టుకునేవారికి కూడా తేదీల లెక్క ఇదే.

## 1. వేయించిన తరువాత గింజలో ఏం జరుగుతుంది

పచ్చి కాఫీ గింజ చల్లని, పొడి చోట నెలల తరబడి నిలవ ఉంటుంది. దానిని రెండు వందల డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో వేయించినప్పుడు లోపలి తేమ ఆవిరైపోతుంది, గింజ ఉబ్బుతుంది, బరువు సుమారుగా 12 నుంచి 20 శాతం వరకు తగ్గుతుంది. ఆ వేడిలోనే చక్కెరలూ మాంసకృత్తులూ మారి, మనం కాఫీ వాసన అని పిలిచే వందలాది సువాసన పదార్థాలు పుడతాయి. వాటితోపాటు కార్బన్ డయాక్సైడ్ వాయువు కూడా పుట్టి, గింజలోని సన్నని గదుల్లో చిక్కుకుపోతుంది.

ఈ వాయువు మొదటి ఒకటి రెండు రోజులు జోరుగా, ఆ తరువాత వారాల తరబడి నెమ్మదిగా బయటికి పోతూ ఉంటుంది. ఆ వాయువుకు చెప్పుకోదగ్గ రుచి లేదు గాని, అది బయటికి వస్తున్నంత కాలం గాలిలోని ప్రాణవాయువు గింజలోకి అంత సులువుగా చొరబడలేదు. అందువల్ల గింజలో వాయువు మిగిలి ఉందంటే సువాసన కూడా మిగిలి ఉందని చాలావరకు అనుకోవచ్చు.

వాసనల్లో ముందుగా పోయేవి గంధకం కలిసిన కొన్ని సున్నితమైన పదార్థాలు. సంచి విప్పగానే గది నిండా పరుచుకునే ఆ తాజా వాసనలో వాటిదే పెద్ద పాత్ర. అవి పోయాక కాఫీ చెడిపోయిందని అనలేము గాని, చప్పబడుతుంది. చేదు మిగులుతుంది, వాసన మాత్రం తగ్గిపోతుంది. ఇంకా ఆలస్యమైతే నూనె వంతు వస్తుంది. అరబికా గింజ బరువులో సుమారు 15 శాతం నూనే ఉంటుంది, రోబస్టాలో అంతకంటె తక్కువ. డబ్బా అడుగున నెలల తరబడి ఉండిపోయిన వేరుశనగ గుళ్ళు ఎలా ముక్కిపోతాయో, గాలి తగిలిన ఈ నూనె కూడా అలాగే ముక్కిపోతుంది. మూత తీయగానే పాత నూనె వాసన వచ్చిందంటే గింజ ఆ దశకు చేరినట్టే.

తాజా గింజలు రుచిగా ఉండడానికి కారణం ఇదే. పోయే వాసనలు ఇంకా పోలేదు, ముక్కిపోయే నూనె ఇంకా ముక్కిపోలేదు. అయితే వేయించిన రోజునే కాఫీ పెడితే ఇంకా బాగుంటుందని దీని అర్థం కాదు. మరీ కొత్త గింజలో వాయువు ఎక్కువగా ఉండి నీటిని పొడిలోకి సరిగా దిగనివ్వదు. రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది, దాని సంగతి ఏడో భాగంలో వివరంగా చెబుతాను.

ఇక్కడే గుర్తుంచుకోవలసిన మరో విషయం పొడి గురించి. గింజను మర పట్టగానే లోపలి గదులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. గింజగా ఉన్నప్పుడు వారాల మీద పోయే వాయువులో పెద్ద భాగం నిమిషాల్లో, గంటల్లో పోతుంది, ప్రాణవాయువు కూడా అంతే వేగంగా లోపలికి చేరుతుంది. కాబట్టి గింజకు వారాల్లో లెక్క కడితే, పొడికి రోజుల్లో కట్టాలి.

## 2. కొనే ముందు వేసుకోవలసిన లెక్క

తేదీ చదవడం కంటె ముందు మీ ఇంట్లో రోజుకు ఎంత పొడి ఖర్చవుతుందో తెలియాలి. ఇద్దరు ఉదయం, సాయంత్రం ఒక్కో గ్లాసు తాగే ఇంట్లో రోజుకు 25 గ్రాములు పడుతుందనుకుందాం. అప్పుడు 250 గ్రాముల సంచి పది రోజులు వస్తుంది, అరకిలో ఇరవై రోజులు వస్తుంది, కిలో నలభై రోజులు వస్తుంది. కిలో సంచి మీద తగ్గింపు ఇస్తున్నారని కొంటే, చివరి పది రోజులు మీరు తాగేది చప్పబడిన కాఫీ. ఆ తగ్గింపులో మిగిలేది ఏమీ ఉండదని నా అభిప్రాయం.

దుకాణానికి వెళ్ళే ముందు వీటిని సరిచూసుకోండి:

- వంటింటి త్రాసు మీద మూడు రోజులు పొడి తూచి, రోజువారీ ఖర్చు ఎంతో రాసుకున్నారా?
- ఇంట్లో గింజలు పొడి చేసే మర ఉందా? లేకపోతే గింజలు కొన్నా దుకాణంలోనే పట్టించుకోవాలి. అలాంటప్పుడు వారానికి సరిపడేంతే పట్టించండి.
- మూత బిగుతుగా పడే, సంచి పరిమాణానికి దగ్గరగా ఉన్న డబ్బా ఉందా?
- ఫోనులో క్యాలెండరు చూసి, వేయించిన తేదీ నుంచి ఎన్నో రోజో లెక్కపెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారా?

## 3. సంచి మీద తేదీలు చదివే క్రమం

ఒకే సంచి మీద మూడు నాలుగు తేదీలు కనిపించవచ్చు. అవన్నీ ఒకే విషయం చెప్పవు. కింది వరుసలోనే చూడండి, పై మెట్టులో జవాబు దొరికితే కింది మెట్టుకు దిగనక్కరలేదు.

### 3.1 వేయించిన తేదీ

మొదట వెతకవలసినది 'రోస్టెడ్ ఆన్' లేదా 'రోస్ట్ డేట్' అన్న మాట. చిన్న రోస్టరీల సంచుల మీద ఇది వెనక వైపు కింది భాగంలో చేతిరాతతోనో, రబ్బరు ముద్రతోనో, అతికించిన చీటీ మీదనో ఉంటుంది. కొన్ని సంచుల మీద పైఅంచు అతికించిన చోట అచ్చు వేస్తారు, కత్తిరించి విప్పామంటే ఆ ముక్కతో తేదీ కూడా చెత్తబుట్టలోకి పోతుంది. అందుకే విప్పేముందే ఫోనులో ఫోటో తీసుకోవడం మంచిది.

ముద్ర వేయడానికి గీసిన గీత ఉండి, ఆ గీత మీద ఏమీ రాయని సంచులు కూడా కనిపిస్తాయి. ఖాళీ గీతను తాజాదనానికి గుర్తుగా తీసుకోకండి, అడిగి తెలుసుకోండి.

### 3.2 తయారీ తేదీ, ప్యాకింగ్ తేదీ

మన దేశంలో ప్యాకెట్ల మీద తయారీ తేదీ గాని ప్యాకింగ్ తేదీ గాని ఉండాలి. కాఫీకి ప్రత్యేకంగా వేయించిన తేదీ రాయాలన్న నిబంధన లేదు. అందువల్ల 'ఎంఎఫ్‌డీ' అని రాసి ఉంటే అది వేయించిన రోజు కావచ్చు, పొడి పట్టిన రోజు కావచ్చు, సంచిలో నింపిన రోజు కూడా కావచ్చు. 'పీకేడీ' అని రాస్తే అది నింపిన రోజే. వేయించడానికీ నింపడానికీ మధ్య ఒక్క రోజే ఉంటుందా, రెండు వారాలుంటాయా అన్నది ఆ సంస్థ అలవాటును బట్టి ఉంటుంది.

చాలా ప్యాకెట్ల మీద నెల, సంవత్సరం మాత్రమే కనిపిస్తాయి. 'మార్చి 2025' అని మాత్రమే ఉంటే అది ఒకటో తేదీ కావచ్చు, ముప్ఫై ఒకటో తేదీ కావచ్చు. అలాంటప్పుడు నేను నెల మొదటి రోజునే లెక్కలోకి తీసుకుంటాను. తాజాదనాన్ని తక్కువ అంచనా వేస్తే నష్టం లేదు, ఎక్కువ అంచనా వేస్తేనే డబ్బు పోతుంది.

### 3.3 'బెస్ట్ బిఫోర్' తేదీ

ఈ తేదీ దాకా సరుకు నాణ్యత నిలబడుతుందని, అమ్మకానికి పనికి వస్తుందని తయారీదారు చెబుతున్నాడు. ఆ గడువు లోపల రుచి ఏ రోజుల్లో అన్నిటికంటె బాగుంటుందన్నది ఇందులో లేదు. వేయించిన కాఫీలో తేమ చాలా తక్కువ కాబట్టి అది బూజు పట్టి చెడిపోవడం అరుదు, అందుకే గడువును నెలల తరబడి, దిగుమతి డబ్బాల మీదైతే ఒకటి రెండేళ్ళ దాకా కూడా ఇవ్వగలుగుతారు.

వేరే తేదీ ఏదీ లేకపోతే ఈ తేదీ నుంచే వెనక్కి లెక్కించాలి. 'ప్యాకింగ్ నుంచి ఆరు నెలలు' అని పక్కనే రాసి ఉంటే ఆరు నెలలు తీసేయండి. ఎన్ని నెలలో రాయకపోతే, అదే సంస్థ ఇతర సంచుల మీద ఎంత గడువు ఇస్తోందో చూడండి. అదీ తెలియకపోతే ఆ తేదీతో కాఫీ వయసు చెప్పలేము, ఆ సంచిని పక్కన పెట్టడమే మేలు.

### 3.4 బ్యాచ్ సంఖ్య

తేదీ లేని చోట బ్యాచ్ సంఖ్య కొన్నిసార్లు జవాబిస్తుంది. కొందరు ఇందులో సంవత్సరాన్నీ, ఆ సంవత్సరంలో ఎన్నో రోజో కలిపి రాస్తారు. 25049 అంటే 2025లో 49వ రోజు. జనవరికి 31 రోజులు తీసేస్తే 18 మిగులుతాయి, అంటే ఫిబ్రవరి 18. ఇటలీ నుంచి వచ్చే ప్యాకెట్ల మీద ముందు 'ఎల్' అక్షరం కనిపిస్తే అది లాట్ అన్నమాటకు గుర్తు, దాని వెనక ఉన్న అంకెలు ఇలాంటివే కావచ్చు.

ఇది అందరూ పాటించే పద్ధతి కాదు. 25049 అన్నది కేవలం వరుస సంఖ్య కూడా కావచ్చు. చివరి మూడు అంకెలు 366 దాటితే అది రోజు సంఖ్య కాదని తేల్చుకోవచ్చు. దాటకపోతే ప్యాకింగ్ తేదీతో పోల్చి చూడండి. ప్యాకింగ్‌కు కొద్ది రోజుల ముందు పడితే అది వేయించిన రోజు అయ్యే అవకాశం ఎక్కువ.

### 3.5 రోజు ముందా, నెల ముందా

అమెరికా నుంచి బంధువులు తెచ్చే సంచుల దగ్గర ఇది తప్పకుండా చూసుకోవాలి. 03/04/25 అన్నది మనకు ఏప్రిల్ 3, అక్కడ మార్చి 4. ఒక నెల వయసు తేడా వస్తుంది. రెండు అంకెల్లో ఒకటి పన్నెండు దాటితే సందేహం ఉండదు. దాటకపోతే తయారైన దేశం ఏదో చూసి చదవండి.

### 3.6 పంట కాలం వేరు, వేయించిన తేదీ వేరు

అరకు కాఫీ సంచుల మీద 'పంట 2024-25' అని రాసి ఉండవచ్చు. అరకు లోయలో పండ్లు కోసేది ప్రధానంగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ పంట పచ్చి గింజగా నిలవ ఉండి, ఏడాదంతా విడతలు విడతలుగా వేయించబడుతుంది. పంట కాలం తెలిస్తే మంచిదే గాని, గింజ వేయించి ఎన్నాళ్ళైందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

## 4. ఒక సంచిని చదివి చూద్దాం

మార్చి 9, 2025న హైదరాబాదులో ఒక 250 గ్రాముల మీడియం రోస్ట్ గింజల సంచి కొన్నాను. వెనక ఉన్నది ఇంతే: ప్యాకింగ్ తేదీ 02/03/25, ప్యాకింగ్ నుంచి ఆరు నెలల్లో వాడాలి, బ్యాచ్ 25049.

మొదటి చూపులో సంచిలో నింపి ఏడు రోజులే అయింది, గడువు సెప్టెంబరు దాకా ఉంది. కాని బ్యాచ్ సంఖ్య చదివితే ఫిబ్రవరి 18 అని తేలుతుంది. దుకాణదారుకు ఫోను చేసి అడిగితే, అవును, అది వేయించిన రోజేనని, సంచులు రావడం ఆలస్యమై పన్నెండు రోజులు పెద్ద డబ్బాల్లో ఉంచామని చెప్పారు. అంటే నా చేతికి వచ్చేసరికి గింజల వయసు ఏడు రోజులు కాదు, 19 రోజులు.

రోజుకు 25 గ్రాముల లెక్కన అది పది రోజుల్లో, 29వ రోజు దగ్గర అయిపోతుంది. మీడియం రోస్ట్‌కు ఇది సరిపోతుంది, కాబట్టి సంచిని అట్టే పెట్టకుండా ఆ రోజే విప్పాను. అదే సంచి అరకిలోది అయి ఉంటే చివరి గింజ 39వ రోజున మర ఎక్కేది. అలాంటప్పుడు సగం గింజలను మొదటి రోజే ఫ్రీజరులో పెట్టేవాడిని, ఆ పద్ధతి ఎనిమిదో భాగంలో ఉంది.

## 5. ఏ రోస్ట్‌కు ఎన్ని రోజులు

లేత రంగు గింజ గట్టిగా ఉంటుంది, వాయువును నెమ్మదిగా వదులుతుంది. బాగా నల్లగా వేయించిన గింజ పెళుసుబారి, సందులు ఎక్కువై వాయువును తొందరగా వదిలేస్తుంది, నూనె కూడా పైకి తేలి గాలికి ఎదురవుతుంది. అందువల్ల డార్క్ రోస్ట్ ముందుగానే తాగడానికి సిద్ధమవుతుంది, ముందుగానే చప్పబడుతుంది.

విప్పని, వాయువును బయటికి మాత్రమే వదిలే కవాటం ఉన్న సంచిలో, నీడ పట్టున ఉంచిన గింజలకు నేను పాటించే లెక్క ఇది:

- డార్క్ రోస్ట్: మూడో రోజు నుంచి మూడు వారాల దాకా.
- మీడియం రోస్ట్: ఐదో రోజు నుంచి నెల రోజుల దాకా.
- లైట్ రోస్ట్: పదో రోజు నుంచి ఆరు వారాల దాకా.
- ఎస్ప్రెసో యంత్రంలో వాడేవారు ఏ రోస్ట్‌కైనా మొదటి తేదీకి ఇంకో నాలుగైదు రోజులు కలపాలి, ఎందుకంటే ఆ ఒత్తిడిలో వాయువు చేసే అల్లరి ఎక్కువ.

సంచి విప్పిన తరువాత, పై లెక్కలో ఇంకా ఎన్ని రోజులున్నా సరే, రెండు వారాల్లో పూర్తి చేయడం మంచిది. గీత దాటిన మరునాడే కాఫీ పాడైపోదు, రోజు రోజుకూ తగ్గుతూ పోతుంది. మరీ నల్లగా వేయించి చికోరీ కలిపి, పాలు ఎక్కువ పోసి తాగేవారికి ఈ తేడా ఆలస్యంగా తెలుస్తుంది, పాలు లేకుండా తాగేవారికి వెంటనే తెలిసిపోతుంది.

## 6. తేదీ లేని గింజలను ఇంట్లో పరీక్షించడం

బస్తాలోంచి తూచి ఇచ్చే దుకాణాల్లో తేదీ ఉండదు. అప్పుడు రెండు పరీక్షలు చేయవచ్చు.

మొదటిది జిప్ సంచి పరీక్ష. చిన్న జిప్ సంచిలో 50 గ్రాముల గింజలు పోసి, గాలి అంతా చేతితో నొక్కి బయటికి పంపి, జిప్ పూర్తిగా మూసి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి సంచి దిండులా ఉబ్బితే గింజలు వేయించి ఒక వారానికి అటూ ఇటూగా అయి ఉండవచ్చు. కొద్దిగా వదులై కనిపిస్తే ఇంకా వాయువు ఉంది, పనికి వస్తుంది. గింజలకు అతుక్కుపోయి ముందటి రోజులాగే ఉంటే వాయువు అయిపోయింది. జిప్ సరిగా పడకపోయినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఒకసారి నొక్కి చూసుకోండి.

రెండోది నీళ్ళ పరీక్ష. పది గ్రాముల పొడిని అప్పటికప్పుడు పట్టి గ్లాసులో వేసి, మరిగి దించిన నీరు 25 మిల్లీలీటర్లు పోయండి. తాజా పొడి పూరీ పొంగినట్టు పైకి లేచి, బుడగలు బుడగలుగా నురగ కడుతుంది, ఆ నురగ అర నిమిషానికి పైగా నిలబడుతుంది. పాత పొడి నీళ్ళు పీల్చుకుని బురదలా అడుగున కూర్చుంటుంది.

ఈ రెండో పరీక్ష చికోరీ కలిపిన పొడి మీద చేయవద్దు. చికోరీలో వేయించిన కాఫీకి ఉన్నంత వాయువు ఉండదు, కాబట్టి తాజా మిశ్రమం కూడా పాతదానిలా కనిపిస్తుంది. లేత రోస్ట్‌కు కూడా పొంగు తక్కువే, దానిని నల్లని గింజతో పోల్చకూడదు.

## 7. గింజ వయసును బట్టి డికాషన్

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి ఉదయం వేయించిన గింజలను అదే సాయంత్రం పొడి చేసి, ఫిల్టరు పైగిన్నెలో వేసి, బిళ్ల పెట్టి, మరుగు నీళ్ళు నిండా పోసి మూత పెట్టాను. పది నిమిషాల తరువాత మూత తీసి చూస్తే బిళ్ల పక్కకు ఒరిగి పైకి తేలి ఉంది, దాని చుట్టూ నురగ. పొడి మధ్యలో పగులు పడింది. నీళ్ళన్నీ ఆ పగులులోంచి జారి కిందికి వచ్చాయి. కిందిగిన్నెలోని డికాషన్ చాయ నీళ్ళలా ఉంది, నాలుకకు పులుపు తగిలింది. గింజల తప్పేమీ లేదు, అవే గింజలు ఆరో రోజున చక్కగా చిక్కని డికాషన్ ఇచ్చాయి.

మరీ కొత్త గింజలతో తప్పక పెట్టవలసి వస్తే ఇలా చేయండి:

1. పొడిని ముందుగా పట్టి, గిన్నెలో పరిచి, ఇరవై నిమిషాలు మూత లేకుండా వదలండి. సువాసన కొంత పోతుంది, కాని వాయువు అంతకంటె ఎక్కువ పోతుంది.
2. పైగిన్నెలో పొడి వేసి చదును చేయండి, గట్టిగా అదమకండి. 20 గ్రాముల పొడికి మొదట 40 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పొడి అంతా తడిసేలా చుట్టూ పోయండి. బిళ్ల అప్పుడే పెట్టకండి.
3. ముప్పావు నిమిషం ఆగండి. పొడి పొంగి, బుడగలు తగ్గడం కంటికి కనిపిస్తుంది. మరీ పొంగితే చెంచాతో ఒక్కసారి కలపండి.
4. ఇప్పుడు బిళ్ల పెట్టి, మిగిలిన 80 మిల్లీలీటర్లు నెమ్మదిగా పోసి మూత పెట్టండి.

నాలుగో వారం దాటిన గింజలకు ఇందుకు విరుద్ధంగా చేయాలి. తడిపి ఆగడం వల్ల లాభం ఉండదు, నీళ్ళు ఒక్కసారిగా పోయవచ్చు. వాయువు అడ్డు లేక నీరు వేగంగా దిగుతుంది కాబట్టి మరను ఒక మెట్టు మెత్తగా పెట్టుకోండి. 20 గ్రాములకు బదులు 22 గ్రాములు వేయండి. ఇలా చేస్తే చిక్కదనం తిరిగి వస్తుంది. పోయిన వాసన మాత్రం రాదు.

## 8. నిల్వ

గింజకు గాలి, తేమ, వేడి, వెలుతురు నాలుగూ శత్రువులే గాని, మన ఊళ్ళలో అన్నిటికంటె ముందు చూసుకోవలసింది వేడి. రసాయన చర్యలు వేడితో వేగం పుంజుకుంటాయి, పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు వేగం అని స్థూలంగా లెక్క వేస్తారు. మే నెలలో విజయవాడలో వంటింట్లో గ్యాసు పొయ్యి పైనున్న అరలో పెట్టిన గింజలకు పదిహేను రోజులు అంటే, చల్లని గదిలో నెల రోజులతో సమానం కావచ్చు. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్ళలో తేమ కూడా తోడవుతుంది.

సంచి ముందు వైపు కనిపించే గుండ్రని చిన్న బిళ్ల ఒకవైపే తెరుచుకునే కవాటం. వాయువును బయటికి వదులుతుంది, గాలిని లోపలికి రానివ్వదు. అది ఉన్న సంచి, జిప్ గట్టిగా పడేదైతే, గింజలకు అదే మంచి డబ్బా. పైన మిగిలిన గాలిని నొక్కి తీసి, జిప్ వేసి, మూసి ఉండే అలమారాలో పెట్టండి. వాసన చూడడానికి కవాటం దగ్గర ముక్కు పెట్టి సంచిని నొక్కడం ఒకసారి చాలు, ప్రతిరోజూ నొక్కితే లోపలి సువాసనే ఖర్చవుతుంది.

కవాటం లేకుండా ఇటుకలా గట్టిగా బిగిసిన ప్యాకెట్లలోని కాఫీని, సంచి పగలకుండా ఉండడానికి ముందే వాయువు వదిలించి నింపుతారు. విప్పేదాకా అవి నిలవ ఉంటాయి గాని, విప్పాక పొంగు చూపించవు. దానిని లోపంగా లెక్కించకండి, వాటిని నీళ్ళ పరీక్షతో తేల్చవద్దు.

ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది కాదు. తలుపు తీసినప్పుడల్లా తేమ చేరుతుంది, పక్కనున్న ఉల్లిపాయ, సాంబారు వాసనలు గింజకు పడతాయి. ఫ్రీజరు సంగతి వేరు, ఈ క్రమం పాటిస్తే అది చాలా బాగా పనిచేస్తుంది:

1. గింజలు తాగడానికి సిద్ధమైన రోజుల్లోనే, అంటే చప్పబడక ముందే, 100 గ్రాముల చొప్పున చిన్న జిప్ సంచుల్లో నింపి గాలి తీసేయండి. పొడిని కాదు, గింజలనే పెట్టండి.
2. ప్రతి సంచి మీద వేయించిన తేదీ, ఫ్రీజరులో పెట్టిన తేదీ రెండూ రాయండి. వయసు లెక్కలో ఫ్రీజరు కాలాన్ని తీసేయవచ్చు.
3. ఒక్క సంచినే బయటికి తీసి, మూసి ఉన్నప్పుడే రాత్రంతా గది వేడికి రానివ్వండి. చల్లగా ఉన్నప్పుడు విప్పితే గింజల మీద మంచు తడి పట్టుకుంటుంది.
4. ఒకసారి బయటికి తీసిన సంచిని మళ్ళీ లోపల పెట్టవద్దు.

## 9. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

పాత గింజలు మిగిలిన డబ్బాలోనే కొత్తవి పోయడం చాలా ఇళ్ళలో అలవాటు. డబ్బా గోడలకు పట్టిన పాత నూనె కొత్త గింజలకు ఆ వాసన అంటిస్తుంది. డబ్బాను సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే కొత్త గింజలు పోయండి. మర లోపల మిగిలిన పొడిని కూడా వారానికి ఒకసారి కుంచెతో దులపండి, తాజా గింజలు తెచ్చినా ముక్కిన వాసన రావడానికి ఒక్కోసారి ఇదే కారణం.

మెరిసే గింజలు తాజావని అనుకోవడం మరో తప్పు. డార్క్ రోస్ట్‌లో ఆ మెరుపు సహజం, మీడియం రోస్ట్ గింజలు జిడ్డుగా మెరుస్తున్నాయంటే అవి పాతబడ్డాయని గాని, వేడిలో ఉన్నాయని గాని అనుమానించాలి.

దుకాణంలో 'ఎప్పటి సరుకు' అని అడిగితే 'నిన్ననే వచ్చిందండీ' అంటారు. అది దుకాణానికి వచ్చిన తేదీ. 'ఏ రోజున వేయించారు?' అని అడగండి. కళ్ళ ముందే పొడి పట్టి ఇచ్చే చోట కూడా ఇదే ప్రశ్న వేయాలి, ఎందుకంటే వేడి వేడిగా మరలోంచి పొడి దిగుతుంటే వీధంతా వాసన వస్తుంది గాని, మరలో పోసిన గింజలు నెల కిందటివి కావచ్చు.

చికోరీ కలిపిన పొడి ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది రాసి ఉంటుంది, దానిమీద ఉన్న తేదీ ఆ మిశ్రమం తయారైన తేదీ. తాజా కాఫీతో చికోరీ కావాలంటే చికోరీని విడిగా కొని, గింజలు పట్టిన రోజున ఇంట్లోనే కలుపుకోండి. చికోరీ తేమను త్వరగా పీల్చుకుని గడ్డ కడుతుంది, కాబట్టి దానిని చిన్న ప్యాకెట్లలోనే కొనాలి.

గడువు దాటక ముందే చప్పబడిన గింజలు మిగిలిపోతే, వాసన ఇంకా ముక్కిపోకపోతే, వాటిని మెత్తగా పట్టి చికోరీతో కలిపి పాల కాఫీకి వాడుకోవచ్చు. పాత నూనె వాసన వచ్చినవి మాత్రం కుండీల ఎరువులో కలిపేయండి, వాటిని కొత్త గింజలతో కలిపి సర్దుకుందామనుకుంటే కొత్తవి కూడా పోతాయి.